మూడు నెలలు వాడిన 1,299 రూపాయల ఇయర్‌బడ్స్: ఎడమది ఎందుకిలా చస్తోంది?

బస్సుపాస్_కావలి
డిగ్రీ రెండో ఏడు. రోజూ కావలి నుంచి నెల్లూరు, మళ్లీ వెనక్కి. పోను గంటన్నర, రాను గంటన్నర, పల్లెవెలుగు దొరికితే ఇంకాస్త ఎక్కువ. జులైలో కాలేజీ తెరవగానే 1,299 పెట్టి ఇయర్‌బడ్స్ కొన్నాను. ఆదివారాలు తప్ప రోజుకు నాలుగు గంటలు చెవిలోనే ఉన్నాయి. కంపెనీ పేరు అడగొద్దు. ఈ రేటులో నా ఫ్రెండ్స్ దగ్గర నాలుగు కంపెనీలవి ఉన్నాయి, నాలుగూ అక్కాచెల్లెళ్లలాగే ఉన్నాయి.

ముందు మంచి చెప్తాను. పాటలు బాగానే వినిపిస్తాయి, దరువు కాస్త ఎక్కువ కొడుతుంది. ఖాళీ పీరియడ్‌లో లైబ్రరీలో కూర్చుని రికార్డెడ్ పాఠాలు వినడానికి ఏ ఇబ్బందీ లేదు. చెవి నొప్పి లేదు. రెండుసార్లు కింద పడ్డాయి, ఏమీ కాలేదు.

ఇప్పుడు చెడు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'ఈఎన్‌సీ' అని ఉంటే బస్సు మోత ఆగిపోతుందనుకున్నాను. ఏమీ ఆగలేదు. కిటికీ షట్టర్ గడగడ, ఇంజిన్ మోత, కండక్టర్ విజిల్, అన్నీ పాటతో పాటే. దాంతో బజార్లో 80 రూపాయలకు పెద్ద సైజు రబ్బరు టిప్స్ కొన్నాను. నా ఎడమ చెవి రంధ్రం కొంచెం పెద్దది కాబట్టి ఎడమదానికి పెద్దది వేశాను, కుడిదానికి డబ్బాలో వచ్చిన మధ్య సైజే ఉంచాను. అప్పటి నుంచి మోత చాలావరకు తగ్గింది.

క్లాసులో ఇంకో దెబ్బ. కెమిస్ట్రీ పాఠం ఫోన్‌లో రికార్డ్ చేశాను, ఒక బడ్ చెవిలోనే ఉంది. ఇంటికి వచ్చి వింటే మేడమ్ గొంతు బావిలోంచి వచ్చినట్టు ముక్కలు ముక్కలుగా ఉంది. నేను పక్కమ్మాయిని పెన్ను అడిగింది మాత్రం శుభ్రంగా రికార్డయింది.

అసలు గొడవ ఎడమ బడ్. మొదట్లో రెండూ ఐదు గంటల పైనే వచ్చేవి. నెల నుంచి ఎడమది రెండున్నర, మూడు గంటలకే టింగుమని ఆరిపోతోంది. సౌండు కూడా కుడిదానికంటే తక్కువ. కుడిది ఇప్పటికీ ఐదు గంటలు వస్తుంది. విచిత్రం ఏంటంటే కేసు ఛార్జింగ్ మాత్రం ముందుకంటే ఎక్కువ రోజులు వస్తోంది. అప్పుడు ఆరు రోజులకు ఒకసారి పెట్టేదాన్ని, ఇప్పుడు ఎనిమిది రోజులు.

ఇంకోటి మర్చిపోయాను. బడ్స్ కేసులో, కేసు బ్యాగులో ఉండగా అమ్మ ఫోన్ చేస్తే ఒక్కోసారి మాట వినపడదు. హలో హలో అని అరిచి పెట్టేస్తుంది. ఇది ఫోన్ జబ్బేమో తెలియదు.

కొన్న షాపుకి వెళ్తే చూడకుండానే "బ్యాటరీ పోయింది పాపా, ఈ రేటుకి అంతే, కొత్తది తీసుకో" అన్నాడు. నిజంగా మూడు నెలలకే బ్యాటరీ పోతుందా?

చేపలపులుసు
పక్కమ్మాయి పెన్ను ఇచ్చిందా లేదా? అది చెప్పకుండా రివ్యూ ఎట్టా పూర్తవుతుంది.

టెక్_తమ్ముడు
క్లియర్‌గా బ్యాటరీ డిగ్రేడ్ అయింది. చిన్న సెల్, రోజూ ఛార్జింగ్, పైగా మన ఎండలు. బ్యాటరీ వీక్ అయితే సౌండు కూడా తగ్గుతుంది. కేసు ఎక్కువ రోజులు వస్తోందంటే లెక్క సరిపోయింది: ఎడమ సెల్ చిన్నదైపోయింది, తక్కువ తాగుతోంది. ముందు ఒకసారి రీసెట్ కొట్టండి. రెండూ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. కాకపోతే వారంటీ.

పెన్నాగట్టు
మూడు నెలలకే పోయిందంటే అది బ్యాటరీ కాదబ్బయా, పెళ్లిలో ఇచ్చే రిటర్న్ గిఫ్టు.

నాదీ అంతే రేటు, ఏడాదిన్నర అయింది, రెండూ సమానంగా చస్తున్నాయి. చావులో సమానత్వం ఉంది. ఒకటే పోయిందంటే ఏదో తేడా ఉంది.

రిటైర్డ్_మాస్టారు
మా ఆవిడకు టీవీ సరిగా వినపడటం లేదు. వినికిడి యంత్రం ఇరవై వేలు పైన చెబుతున్నారు. ఈ 1,299 రూపాయలది పెట్టుకుంటే వినపడుతుందా? ఎడమ చెవే సమస్య కాబట్టి ఎడమది బాగా పనిచేసేది ఏ కంపెనీదో చెప్పగలరు.

చెవిపరీక్ష_అక్క
మాస్టారూ, ఇవి వినికిడి యంత్రాలు కావండీ, పాటలు వినేవి. ఏ స్థాయి శబ్దం ఎంత వినపడటం లేదో పరీక్ష చేసి, ఆ లోటుకు తగ్గట్టు మిషన్ సెట్ చేస్తారు. ఒక చెవే తగ్గిందంటే ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి, ఒక్కోసారి గుబిలి తీస్తే సరిపోతుంది. నేను ఆ పరీక్షలు చేసే చోటే పనిచేస్తాను.

బస్సుపాస్, నీకూ అదే చెప్తున్నాను. సౌండు తక్కువగా ఉన్నది బడ్‌లోనా, నీ చెవిలోనా? ముందు అది తేల్చుకో. ఎడమ బడ్‌ని తిప్పి కుడి చెవి దగ్గర పట్టుకో. సరిగా కూర్చోదు, వేలితో అదిమి పట్టుకుంటే చాలు. కుడి చెవిలో కూడా తక్కువగా ఉంటే తప్పు బడ్‌ది. కుడి బడ్‌ని ఎడమ చెవిలో పెట్టినప్పుడు కూడా తక్కువే ఉంటే తప్పు చెవిది. వినేటప్పుడు ఫోన్ Accessibility లో Mono audio ఆన్ చేసుకో. లేకపోతే పాటలోనే ఎడమకీ కుడికీ తేడా ఉంటుంది, మోసపోతావు.

టంకం_చుక్క
నెల్లూరులో రిపేరు షాపు, పదకొండేళ్లు. మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి, మిగతాది తర్వాత.

రాత్రంతా కేసులో పెట్టి ఉదయం తీసిన వెంటనే ఎడమది ఎంత శాతం చూపిస్తోంది? రెండు గంటల తర్వాత కాదు, తీసిన నిమిషంలో. చాలావాటికి యాప్‌లో ఎడమ, కుడి విడివిడిగా చూపిస్తుంది.

నూటి నుంచి మొదలై గబగబా దిగితే బ్యాటరీ. అసలు నూరే లేకపోతే అది బ్యాటరీ సంగతి కాదు, ఛార్జింగ్ ఎక్కడం లేదు. రెండింటికీ బయటికి కనిపించేది ఒకటే, తొందరగా చావడం. షాపులో చూడకుండా చెప్పారంటే వాళ్లు ఈ ప్రశ్న అడగలేదు.

టెక్_తమ్ముడు
అన్నా, ఛార్జింగ్ ఎక్కకపోతే మూడు గంటలు ఎలా వస్తుంది? సున్నా రావాలి కదా.

టంకం_చుక్క
పూర్తిగా ఎక్కకపోవడం వేరు, సగం సగం ఎక్కడం వేరు తమ్ముడూ. కేసు అడుగున రెండు చిన్న స్ప్రింగు పిన్నులు ఉంటాయి, బడ్ మీద రెండు ఇత్తడి రంగు చుక్కలు. అవి తాకినంతసేపే ఎక్కుతుంది. బస్సు కుదుపుకు అర మిల్లీమీటరు లేస్తే అక్కడితో ఆగిపోతుంది.

కెమిస్ట్రీ_కాదు_ఫిజిక్స్
నేనూ లెక్చరర్నే, ఒంగోలు. క్లాసులో ఒక బడ్ చెవిలో పెట్టుకుని "రికార్డింగ్ కోసం మేడమ్" అనేవాళ్లను రోజూ చూస్తుంటాను, జుట్టు కింద దాచుకుంటే కనపడదనుకుంటారు. సరే, ఆ రికార్డింగ్ సంగతి చెప్తాను. బడ్ చెవిలో ఉంది కాబట్టి ఫోన్ తన మైకు వదిలేసి బడ్ మైకు వాడి ఉంటుంది.

మీరు ఈఎన్‌సీ పనిచేయలేదంటున్నారు గానీ, ఆ రోజు అది చక్కగా పనిచేసింది. అది మీ చెవి కోసం పెట్టింది కాదు, ఫోన్‌లో అవతలివాళ్ల కోసం. దగ్గరున్న మీ గొంతు ఉంచి, దూరం నుంచి వచ్చే ప్రతిదాన్నీ మోత అనుకుని కోసేస్తుంది. ఆ లెక్కన మీ మేడమ్ గొంతు కూడా మోతే. పైగా మైకు వాడగానే బ్లూటూత్ ఫోన్‌కాల్ పద్ధతికి మారిపోతుంది, క్వాలిటీ పడిపోతుంది. పాఠం రికార్డ్ చేయాలంటే బ్లూటూత్ ఆపి, ఫోన్ ముందు బెంచీ మీద పెట్టండి. పెట్టే ముందు మేడమ్‌ని అడగండి.

చేపలపులుసు
మేడమ్ గొంతు మోతేనని మిషన్ కనిపెట్టింది. మేం ఇంటర్‌లోనే కనిపెట్టాం.

సింగరాయకొండ_షటిల్
బస్సులో మోత తగ్గాలంటే ఏఎన్‌సీ ఉన్నవి కొనాలి అక్కా. నావి 2,000 పెట్టి తీసుకున్నా. రైల్లో చక్రాల మోత బాగా తగ్గుతుంది. పక్కన ఫోన్‌లో రీల్స్ పెట్టే ఆయన గొంతు మాత్రం అలాగే వస్తుంది. ఏఎన్‌సీ హమ్మని ఒకే తీరుగా వచ్చే మోతనే కోస్తుంది, మాటలను పెద్దగా కోయదు. మాటలకు రబ్బరు టిప్పే దిక్కు. కాబట్టి పెద్ద టిప్ వేసి మంచి పనే చేశారు.

బస్సుపాస్_కావలి
పెన్ను ఇవ్వలేదు, దాని దగ్గరా ఒకటే ఉందంట.

చెవిపరీక్ష అక్కా, చేశాను. ఎడమ బడ్ ఏ చెవిలో పెట్టినా తక్కువే. కుడిది ఏ చెవిలో పెట్టినా బాగానే ఉంది. అంటే చెవి బాగానే ఉంది, అమ్మయ్య.

చుక్క గారూ, ఈ రోజు పొద్దున బస్టాండులో తీసి చూశాను. కుడి 100, ఎడమ 60. నిన్న రాత్రి పదింటికి కేసులో పెట్టాను. నేనెప్పుడూ గమనించలేదు, చచ్చినప్పుడు మాత్రమే చూసేదాన్ని.

టెక్ తమ్ముడూ, మీరు చెప్పిన రీసెట్ కొట్టాను. ఇప్పుడు ఫోన్‌లో రెండు పేర్లు వస్తున్నాయి, ఎడమది ఒకటి, కుడిది ఒకటి. పాట ఒక్కదాంట్లోనే వస్తోంది. ఇంకా నయం.

టెక్_తమ్ముడు
అయ్యో. ఫోన్‌లో రెండు పేర్లూ తీసేసి, రెండు బడ్స్ కేసులో పెట్టి మూత మూసి, మళ్లీ ఒకేసారి తీయండి. వాటంతటవే కలుస్తాయి. నావి అలాగే కలిశాయి.

పెన్నాగట్టు
తమ్ముడు వైద్యం చేస్తే ఒక రోగం రెండవుతుంది.

టంకం_చుక్క
60 అన్నారు కదా. అంటే తాగడం ఎక్కువ కాదు, కేసు తాగించడం లేదు. ఐదు గంటల్లో 60 శాతమంటే మూడు గంటలు. మీకు వస్తున్నదీ అంతే. అంటే సెల్ దాదాపు బాగానే ఉంది. కేసు ఎక్కువ రోజులు రావడానికి తమ్ముడు చెప్పిన కారణం కూడా కుదురుతుంది, నాదీ కుదురుతుంది, అందుకే దాన్ని పట్టుకుని తేల్చలేం. కానీ మీ అమ్మగారి ఫోన్ తేల్చేసింది.

బడ్ కేసులో సరిగా కూర్చుని పిన్నులు తాకితేనే దానికి "నేను ఇంట్లో ఉన్నా" అని తెలుస్తుంది, ఫోన్‌తో లింకు తెంచుకుంటుంది. తాకకపోతే బయటే ఉన్నాననుకుని ఫోన్‌కు అతుక్కునే ఉంటుంది. అమ్మగారి మాట బ్యాగులో ఉన్న కేసులోకి పోతోంది. అక్కడ మీ ఎడమ బడ్ వింటోంది. ఊరికే ఆన్‌లో ఉండి ఉన్న ఛార్జింగ్ కూడా కొంత తినేస్తుంది.

ఎందుకు తాకడం లేదు? దానికి జవాబు కూడా మీ మొదటి పోస్టులోనే ఉంది. కుడిదానికి డబ్బాలో వచ్చిన టిప్. ఎడమదానికి బజార్లో కొన్న పెద్ద టిప్. కేసులో గుంట డబ్బాలో వచ్చే టిప్స్ కొలతకు పోస్తారు. బజారువి కాస్త పొడుగ్గా, గట్టిగా ఉంటాయి. టిప్ ముందుగా అడుగుకు తగిలి బడ్‌ను పైకి ఎత్తుతుంది. మూత మూస్తే కాస్త అణుగుతుంది, తాకుతుంది, కదిలితే వదిలేస్తుంది.

ఇప్పుడే చూడండి: రెండూ కేసులో పెట్టి, ఎడమదాన్ని వేలితో మెల్లగా కిందికి నొక్కండి. నొక్కగానే లైటు వెలిగితే, వదిలితే ఆరితే, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

బస్సుపాస్_కావలి
నొక్కితే ఎర్ర లైటు. వదిలితే పోయింది. నొక్కితే ఎర్ర లైటు. వదిలితే పోయింది. మా తమ్ముడు వచ్చి "ఏంది అక్కా ఆడుకుంటున్నావు" అంటున్నాడు.

80 రూపాయల టిప్!!

ఫోన్‌లో కూడా చూశాను. మూత మూసినా Connected అనే ఉంది. నొక్కి పట్టుకుంటే పోయింది. పేర్లు రెండు వచ్చిన గొడవ కూడా ఎడమదాన్ని నొక్కి పట్టుకుని మళ్లీ తీస్తే పోయింది. సారీ టెక్ తమ్ముడూ, మీ పద్ధతి సరైనదే, నా ఎడమది ఇంటికే చేరడం లేదు.

చేపలపులుసు
అమ్మ మాట వినని ఎడమ బడ్. ఇంట్లో ఉండదు, బయటే తిరుగుతుంది. మా అన్న కూడా ఇంతే.

టెక్_తమ్ముడు
సరే టిప్ ఒప్పుకుంటా. మరి సౌండు తక్కువ సంగతి? 60 శాతం బ్యాటరీ కాబట్టి తక్కువ.

టంకం_చుక్క
కాదు. 60 ఉన్నా 20 ఉన్నా సౌండు ఒకటే ఉంటుంది, చివర్లో హెచ్చరిక కొట్టి ఆరిపోతుంది. మెల్లమెల్లగా తగ్గితే అది టిప్ కింద సౌండు వచ్చే చోట ఉండే జాలీ పని. టిప్ పీకి, ఫోన్ టార్చ్ వేసి జాలీ చూడమనండి.

చెవిపరీక్ష_అక్క
జాలీ సంగతి నాకు వదిలేయండి, నేను రోజూ వినికిడి యంత్రాలకు చేసే పనే. జాలీ కళ్లు సగం మూసుకుపోతే ముందు సన్నని శబ్దాలు పోతాయి, పాటలో గజ్జెల్లాంటివి. ఆ తర్వాత మొత్తం సౌండు తగ్గుతుంది. బస్సుపాస్, తలకు కొబ్బరినూనె రాస్తావా?

బస్సుపాస్_కావలి
రాస్తాను. అమ్మే రాస్తుంది, వద్దన్నా ఊరుకోదు. జడ వేసుకుంటే చెవుల పక్కదాకా జిడ్డే.

టార్చ్ వేసి చూశాను. కుడిది వెండి రంగు జల్లెడలా మెరుస్తోంది. ఎడమది సగం పసుపు, సగం గోధుమరంగు. నేనింతకాలం దాని రంగే అంత అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్పేశాను.

చెవిపరీక్ష_అక్క
సిగ్గెందుకు, అందరివీ అంతే. గుబిలి, నూనె, బస్సు దుమ్ము కలిసి మైనంలా గట్టిపడతాయి. పెద్ద టిప్ బిగుతుగా లోపలికి వెళ్తుంది కాబట్టి ఆ చెవిలోదే ఎక్కువ అంటుకుంది.

చేయాల్సింది: బడ్‌ని జాలీ నేల వైపు ఉండేలా పట్టుకో. పొడి టూత్‌బ్రష్, మెత్తనిది, కొత్తది. కింద నుంచి పైకి చూస్తూ మెల్లగా తోము, రాలింది కిందే పడాలి. జాలీ పైకి పెట్టి తోమితే రాలింది లోపలికే పోతుంది. ఇంకా మిగిలితే గోడకు చార్టులు అంటించే బంక ముద్ద ఉంటుంది చూడు, దాన్ని జాలీకి ఒత్తి లాగు, నాలుగైదు సార్లు, ప్రతిసారీ కొత్త చోటుతో. టిప్ ఒక్కదాన్నే సబ్బు నీళ్లలో కడుగు, పూర్తిగా ఆరాక తొడుగు.

సూది పెట్టొద్దు, జాలీ చిరుగుతుంది. నోటితో ఊదొద్దు. శానిటైజర్ జాలీ మీద పోయొద్దు, మైనం కరిగి లోపల కూర్చుంటుంది. ఇంకో మాట, చెవిలో ఇయర్‌బడ్ పుల్లలు పెట్టి తిప్పొద్దు. రెండింటికీ ఒకే పేరు ఎవరు పెట్టారో గానీ.

టంకం_చుక్క
పిన్నులకు మాత్రం స్పిరిట్ వాడొచ్చు. దూదికి ఒక్క చుక్క, పిండేసి తుడవాలి. బడ్ చుక్కల మీద నల్లగా ఉంటే చెమట పని. ఐపీఎక్స్4 అని డబ్బా మీద ఉంటుంది, అది బడ్ మీద నీటి తుంపర పడితే తట్టుకుంటుందనే. ఆ ఎక్స్ ఉన్న చోట దుమ్ము సంగతి ఏమీ చెప్పలేదని అర్థం. కేసుకైతే చాలావాటికి అది కూడా ఉండదు. తడి బడ్ కేసులో పెడితే పిన్నులు తుప్పు పడతాయి, అప్పుడు నా దగ్గరికే వస్తారు.

బస్సుపాస్_కావలి
రెండు రోజులు ఆగి రాస్తున్నాను, సరిగా చూసి చెప్దామని.

జాలీ శుభ్రం అయింది. బంక ముద్ద మా తమ్ముడి ప్రాజెక్టు చార్టు నుంచి పీకాను, మొక్కల కణం ఊడి కింద పడింది, అది వేరే గొడవ. సౌండు రెండూ సమానం. పాటలో వెనక తాళాలు ఉన్నాయని నెల తర్వాత మళ్లీ తెలిసింది.

శుక్రవారం రాత్రి ఎడమదానికి కూడా మధ్య సైజు టిప్ వేసి కేసులో పెట్టాను. లైటు వెంటనే వెలిగింది, ఫోన్‌లో లింకు వెంటనే తెగింది. శనివారం పొద్దున 100, 100. ఇంట్లో ఒకే సౌండు మీద ఆపకుండా పెట్టి వదిలేశాను. కుడిది 5 గంటల 5 నిమిషాలకు ఆరింది. ఎడమది 4 గంటల 40 నిమిషాలకు.

రెండు మిగిలాయి. ఒకటి, ఆ 25 నిమిషాల తేడా దేనిది? రెండు, మధ్య సైజు వేస్తే ఎడమ చెవిలో బస్సు మోత మళ్లీ మొదలు. ఈ రోజు సౌండు 60 నుంచి 85 దాకా పెంచాల్సి వచ్చింది.

టెక్_తమ్ముడు
25 నిమిషాలు నాకు ఇచ్చేయండి. బ్యాటరీ డిగ్రేడేషన్. నెల రోజులు ఎడమది రోజూ సున్నా దాకా వెళ్లింది, కుడిది వెళ్లలేదు. అలా అడుక్కి దించితే సెల్ అరుగుతుంది.

టంకం_చుక్క
కొంత ఉండొచ్చు, కాదనను. కానీ ఇంకోటి ఉంది. బస్సుపాస్, కేసులోంచి ముందు ఏది తీస్తారు? ఈ రేటులో చాలావాటికి రెండింట్లో ఒకటే ఫోన్‌తో పూర్తిగా మాట్లాడుతుంది, రెండోది దాన్ని అనుసరిస్తుంది. ఆ మొదటిది ఇంటికి పెద్దలాంటిది, కాల్ మైకు కూడా దానిదే. ఆ పెద్దరికం చేసేది కొంచెం ఎక్కువ తింటుంది. ఎక్కువగా ముందు తీసినదానికే పెద్దరికం వస్తుంది. వారం రోజులు కుడిది ముందు తీసి చూడండి. తేడా అటు మారితే సెల్ బాగానే ఉన్నట్టు.

బస్సుపాస్_కావలి
ఎప్పుడూ ఎడమదే ముందు తీస్తాను! కుడి చేత్తో కేసు పట్టుకుంటాను కాబట్టి.

టెక్_తమ్ముడు
కొత్త చిప్‌లలో రెండూ నేరుగా ఫోన్‌తోనే మాట్లాడతాయి అన్నా. మీరు చెప్పేది పాతవాటి సంగతి.

టంకం_చుక్క
ఆమె బడ్‌లో ఏ చిప్ ఉందో మీకు తెలుసా? నాకూ తెలియదు. అందుకే వారం చూడమన్నాను.

చెవిపరీక్ష_అక్క
బ్యాటరీ గొడవ మీరు చూసుకోండి. ఆ 85 నాకు నచ్చలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఏంటంటే, 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే వారానికి 4 గంటలే. పది పెరిగితే పదో వంతు సమయం. నువ్వు బస్సులోనే వారానికి 18 గంటలు వింటున్నావు. ఫోన్‌లో 85 అంటే 85 డెసిబెల్స్ అని కాదు, ఏ బడ్ ఎంత మోగుతుందో కొలవకుండా చెప్పలేం. కానీ బస్సు దిగాక చెవుల్లో గుయ్యిమంటుంటే గీత దాటినట్టే. పెద్ద టిప్ ఉంటే 60 చాలింది కదా, దాన్ని వదులుకోవద్దు. కేసు కోసం చెవిని చెడగొట్టుకుంటావా?

బస్సుపాస్_కావలి
సోమవారం సాయంత్రం కోవూరు దాటాక గుయ్యిమంది అక్కా. ఇంజిన్ పక్క సీటు.

సింగరాయకొండ_షటిల్
టిప్స్‌లో పొట్టివి దొరుకుతాయి, ఇలాంటి కేసుల కోసమే చేసినవి. వైరు ఇయర్‌ఫోన్స్‌కి వచ్చేవి పొడుగ్గా ఉంటాయి, మీకు బజార్లో ఇచ్చింది అదే అయ్యుంటుంది. కొనేటప్పుడు వెడల్పు పెద్దది, ఎత్తు తక్కువది అడగండి. స్పాంజీవి కూడా ఉన్నాయి, నొక్కితే అణిగిపోతాయి కాబట్టి మూత పడుతుంది. స్పాంజీవి మాత్రం మీ నూనెకు రెండు నెలలు కూడా నిలవవు.

టంకం_చుక్క
అవి వచ్చేదాకా ఒక పని చేయండి. కేసులో పెట్టేటప్పుడు పెద్ద టిప్ పీకి పెట్టండి, టిప్ లేకపోయినా ఛార్జింగ్ ఎక్కుతుంది. కొందరు కేసు గుంటను కత్తితో చెక్కుతారు, ఆ పని చేయొద్దు. వారంటీ పోతుంది, కింద పిన్నుల ప్లేటు ఉంటుంది.

వారంటీ అంటే గుర్తొచ్చింది. ఏడాది ఉంటుంది, షాపువాడితో పనిలేదు. బిల్లు ఫోటో తీసి కంపెనీ సైటులో రిజిస్టర్ చేయండి. ఆ 25 నిమిషాలు రేపు గంటైతే పనికొస్తుంది.

రిటైర్డ్_మాస్టారు
ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్లాను. శనగగింజంత గుబిలి తీశారు. ఇప్పుడు టీవీ సౌండు తగ్గించమని నన్నే అరుస్తోంది. మీకు కృతజ్ఞతలు. అమ్మాయి కూడా త్వరగా కోలుకోవాలి.

చేపలపులుసు
మాస్టారూ, అమ్మాయి బాగానే ఉంది. బడ్‌కి బాగాలేదు.

బస్సుపాస్_కావలి
మూడు రోజులుగా చుక్క గారు చెప్పినట్టు పెద్ద టిప్ పీకి పెన్నుల పౌచ్‌లో వేసుకుంటున్నా. ఉదయం రెండూ 100. బస్సులో 60 చాలుతోంది. అమ్మ ఫోన్ చేస్తే నాకే వినపడుతోంది, అది మాత్రం ముందే బాగుండేదేమో.

కుడిది ముందు తీయడం ఐదో రోజు. ఆదివారం మళ్లీ టైమ్ పెట్టి చూస్తాను.

బస్సుపాస్_కావలి
టిప్ పోయింది. పెన్నా బ్రిడ్జి మీద తొడుగుతుంటే కుదుపుకు ఎగిరి సీటు కింద పడింది. ముందు సీటు ఆవిడ గోంగూర సంచి జరిపి కూడా వెతికాను.

పెన్నాగట్టు
ఏ బస్సు? నేను రోజూ అటే వెళ్తాను.

బస్సుపాస్_కావలి
8:10 పల్లెవెలుగు, ఎడమ వైపు నాలుగో సీటు. నల్లది, శనగగింజంత ఉంటుంది. దొరికితే కడగకుండా ఇవ్వకండి.